బిగుతు బన్ వల్ల నుదుటి అంచున పోయిన జుట్టు మళ్లీ వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు. గాజువాకలో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. కాలేజీలో రోజూ బిగుతుగా బన్ వేసుకుని నెట్ పెట్టుకోవాలి. ఏడాదిన్నరగా నుదుటి అంచునా, చెవుల పైనా జుట్టు పలచబడిపోతోంది. నూనె మార్చాం, బయోటిన్ వాడాం. హాస్టల్ నీళ్ల వల్లేమోనని ఆదివారం ఇంటికొచ్చి తలంటుకుంటోంది. తేడా లేదు. బన్ మానేయడానికి వీల్లేదు. పోయిన జుట్టు మళ్లీ వస్తుందా? ఇంకా పోకుండా ఏం చేయాలి?

జవాబు:

వచ్చే అవకాశం బాగానే ఉంది. ఏడాదిన్నర దాకా వచ్చినవాళ్లలో చాలామందికి కుదుళ్లు ఇంకా బతికే ఉంటాయి. అయితే లాగుడు ఆగాలి. అది ఆగకుండా ఏ నూనె రాసినా, ఏ మాత్ర వేసినా, చివరికి నేను మందు రాసిచ్చినా ఫలితం ఉండదు. అలాగని బన్ మానేయక్కర్లేదు. ఆ ముడి బరువు నుదుటి అంచు వెంట్రుకల మీద పడకుండా వేసుకునే పద్ధతి ఉంది, కింద వివరంగా రాస్తాను.

నేను విశాఖలోనే చర్మవ్యాధుల డాక్టరుగా పనిచేస్తున్నాను. ఈ సమస్యతో మా దగ్గరికి వచ్చేవాళ్లలో నర్సింగ్ విద్యార్థినులు, హోటళ్లలో రిసెప్షన్‌లో పనిచేసేవాళ్లు, డ్యాన్స్ నేర్చుకునే పిల్లలు, రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టుకునే స్కూలు పిల్లలు ఎక్కువ. దాదాపు అందరూ ముందు నీళ్లనే తప్పుపడతారు. మన దగ్గర చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఆ నీళ్లకి జుట్టు గరుకుగా అవుతుంది, చిక్కు పడుతుంది, నిజమే. కానీ నీళ్లు తలంతా తడుపుతాయి. నుదుటి అంచునా, చెవుల పైనా మాత్రమే జుట్టు తీసుకుపోయే నీళ్లంటూ ఉండవు. ఎక్కడ పోయిందన్నదే ఇక్కడ అసలు ఆధారం. వెనక్కి లాగి కట్టినప్పుడు ఎక్కువ లాగుడు పడేది ఆ అంచు మీదే. పైగా అక్కడి వెంట్రుకలు సహజంగానే సన్నవి. దీన్ని వైద్యులు మొదట వర్ణించింది 1907లో, గ్రీన్‌లాండ్‌లో జుట్టు బిగించి ముడివేసుకునే స్త్రీలలో. తలపాగా కింద జుట్టు బిగించి ముడివేసుకునే సిక్కు మగవాళ్లలోనూ ఇది కనిపిస్తుంది. దేశం, నీళ్లు, నూనె ఏవైనా లాగుడు పడినచోటే జుట్టు పోతుంది. మా భాషలో దీని పేరు ట్రాక్షన్ అలోపీషియా.

లోపల జరిగేది ఇది. రోజూ గంటల తరబడి లాగుతూ ఉంటే కుదురు చుట్టూ వాపు వస్తుంది. వెంట్రుక తన కాలం పూర్తి కాకముందే ఊడుతుంది. దాని తర్వాత వచ్చేది ఇంకా సన్నగా, పొట్టిగా వస్తుంది. ఈ దశలో వదిలేస్తే కుదురు కోలుకుంటుంది. వదలకపోతే ఏళ్లు గడిచేకొద్దీ కుదురు ఉన్నచోట మచ్చ కణజాలం నిండిపోతుంది, ఇక అక్కడ వెంట్రుక పుట్టదు. ఇన్నేళ్లు దాటితే అంతే అని ఒక గీత గీయలేం. ఎంత బిగువు, రోజుకి ఎన్ని గంటలు, స్ట్రెయిటెనింగ్ లాంటి కెమికల్ పనులు చేయించుకున్నారా లేదా అన్నదాన్ని బట్టి ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. కెమికల్ చేయించుకున్న జుట్టునే మళ్లీ బిగించి కడితే నష్టం తొందరగా వస్తుంది.

మీ అమ్మాయి ఏ దశలో ఉందో ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. ఈసారి ఆదివారం ఇంటికొచ్చినప్పుడు, తలంటుకుని జుట్టు పూర్తిగా ఆరాక, పగటి వెలుతురులో కిటికీ పక్కన కూర్చోబెట్టండి. నూనె రాయకండి. జుట్టు విప్పి వెనక్కి నెట్టి, నుదుటి అంచుని, రెండు చెవుల పైభాగాన్ని ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూడండి.

ముందు చూడాల్సింది, పలచబడ్డ జాగాకి ముందువైపు, అసలు పాత అంచు ఉన్నచోట, సన్నటి పొట్టి వెంట్రుకల వరస మిగిలి ఉందా అని. బన్‌లోకి అందనంత పొట్టివి కాబట్టి అవి లాగుడు తప్పించుకుని నిలబడతాయి. ఆ వరస, దాని వెనక పలచటి పట్టీ, ఆ వెనక మామూలు జుట్టు. ఇలా కనిపిస్తే ఇది లాగుడు వల్లేనని చెప్పడానికి బలమైన గుర్తు.

తర్వాత ఆ పలచటి పట్టీలో చర్మం చూడండి. వెంట్రుక లేకపోయినా చిన్న చిన్న చుక్కల్లా రంధ్రాలు కనిపిస్తే కుదుళ్లు ఉన్నట్టే. చర్మం నున్నగా, మెరుస్తూ, ఒక్క రంధ్రం కూడా లేకుండా ఉంటే అక్కడ మచ్చ కట్టి ఉండొచ్చు. కంటికి కనబడనివి మేము డెర్మోస్కోప్‌తో చూస్తాం. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతాం.

మూడోది, ఇంకా లాగుడు జరుగుతోందా అన్నది. వెంట్రుకల మొదట్లో ఎర్రదనం, చిన్న చీము పొక్కులు, ముట్టుకుంటే నొప్పి ఉంటే జరుగుతున్నట్టే. ఇంకో గుర్తుని అందరూ పొరబడతారు. వెంట్రుకని చుట్టుకుని తెల్లటి చిన్న గొట్టం లాంటిది ఉంటుంది. చూసి చుండ్రు అంటారు, పేలగుడ్లు అని కంగారు పడి పేల మందు కూడా రాసేస్తారు. పేలగుడ్డు వెంట్రుకకి గట్టిగా అతుక్కుని ఉంటుంది, జరగదు. ఇది గోళ్లతో పట్టి లాగితే వెంట్రుక వెంబడి జారుతుంది. బన్ వేసుకునే అమ్మాయికి నుదుటి అంచున ఇవి కనిపిస్తే కుదురు మీద లాగుడు పడుతోందని అర్థం.

ఇవేవీ కాకుండా వేరే రకంగా కనిపించినా చెప్పాలి. పాపిట వెడల్పవుతూ నడినెత్తి పలచబడుతుంటే అది వేరే సమస్య. గుండ్రంగా, నున్నగా మచ్చలా ఊడితే పేనుకొరుకుడు కావచ్చు. నుదుటి అంచు వెనక్కి పోతూ కనుబొమలు కూడా పలచబడితే, ముఖ్యంగా నలభై దాటినవాళ్లలో, అది మచ్చ కట్టే ఇంకో జబ్బు కావచ్చు. అందులో ఇందాక చెప్పిన పొట్టి వెంట్రుకల వరస మిగలదు. ఈ మూడింటికీ వైద్యం వేరు, బన్ వదులు చేసినంత మాత్రాన తగ్గవు.

మీ అమ్మాయిలాంటి ఒకామె సంగతి చెబుతాను. ఇరవై ఆరేళ్ల అమ్మాయి, బీచ్ వైపు ఒక హోటల్లో రిసెప్షన్ పని. డ్యూటీ పొద్దున్నే మొదలు. లేవగానే తలస్నానం, తడి జుట్టుకే జెల్ రాసి దువ్వెనతో గీసి నెత్తి మీద బన్, దాని చుట్టూ సన్నటి రబ్బరు బ్యాండు మూడు చుట్లు, పైన నెట్. సాయంత్రం విప్పేసరికి లోపల జుట్టు ఇంకా తడిగానే ఉండేది. మన ఊరి ఉక్కకి బన్‌లో జుట్టు ఆరదు కదా. తడి వెంట్రుక పొడి వెంట్రుక కన్నా సులభంగా సాగుతుంది, అందుకే తడి మీద మనకి తెలియకుండానే ఎక్కువ లాగుతాం. విప్పగానే తల తేలికైనట్టు ఉంటుందని ఆమే చెప్పింది. విప్పితే హాయిగా అనిపించే ముడి ఏదైనా బిగుతు ముడే.

ఆమెకి నుదుటి అంచున వేలెడు వెడల్పున పలచటి పట్టీ ఉంది, ముందు పొట్టి వెంట్రుకల వరస ఉంది, కణతల దగ్గర నాలుగైదు చీము పొక్కులు ఉన్నాయి. రెండు చెవుల పైన రూపాయి బిళ్లంత జాగాలో మాత్రం చర్మం నున్నగా ఉంది. అప్పటికే ఎవరో చెబితే ఆ జాగాల్లో ఉల్లిపాయ రుద్దుతోంది, అందువల్ల మంట, ఎర్రదనం ఇంకా పెరిగాయి. వాచి ఉన్న కుదుళ్ల మీద ఉల్లిపాయ, అల్లం, గురివింద గింజ లాంటివేవీ రుద్దకూడదు.

ముందు పొక్కులకి యాంటీబయాటిక్ ఇచ్చాం, ఉల్లిపాయ ఆపించాం, బన్ వేసే తీరు మార్పించాం. పొక్కులు తగ్గాక మినాక్సిడిల్ మొదలుపెట్టాం. రెండో నెలలో ఆమె భయపడుతూ వచ్చింది, జుట్టు ఇంకా ఊడుతోందని. అప్పటికే విశ్రాంతి దశలోకి వెళ్లిన వెంట్రుకలు లాగుడు ఆపాక కూడా రెండు మూడు నెలల పాటు రాలుతూనే ఉంటాయి. మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో కూడా కొంత రాలుతుంది. ఇది చాలామంది మందు మానేసే సమయం. ఆమె మానలేదు. నాలుగో నెలకి పట్టీలో అర అంగుళం వెంట్రుకలు నిలబడి కనిపించాయి, తొమ్మిదో నెల దాటేసరికి మిగతా జుట్టుతో కలిసిపోయాయి. చెవుల పైన నున్నగా ఉన్న ఆ రెండు జాగాల్లో మాత్రం రాలేదు. వాటిని ఆమె పక్క జుట్టుతో కప్పుకుంటోంది.

ఇక బన్ ఎలా వేసుకోవాలి అన్నది.

తలంటు పొద్దున కాకుండా ముందురోజు సాయంత్రం చేయమనండి. బన్ వేసేది పూర్తిగా ఆరిన జుట్టుకే. బన్ నెత్తి మీద కాకుండా మెడ మీద, కాలర్‌కి కాస్త పైన ఉండాలి. నెత్తి మీద ముడి వేస్తే నుదుటి అంచు, చెవుల పక్కల జుట్టంతా పైకి లాగి నిలపాలి. మెడ మీద వేస్తే జుట్టు తన బరువుకి తాను వాలుతుంది.

రబ్బరు బ్యాండు వద్దు. బట్ట చుట్టిన మెత్తటి బ్యాండుతో మెడ దగ్గర వదులుగా ఒక్క చుట్టు వేసి, అక్కడి నుంచి జడ అల్లాలి. ఆ జడని చుట్టగా తిప్పి యు పిన్నులతో నిలపాలి. పిన్ను చుట్టలోని జుట్టునీ, దాని కింద ఉన్న జుట్టునీ కలిపి పట్టాలి, తల చర్మానికి ఒరుసుకోకూడదు. ముడిని పట్టి ఉంచాల్సింది పిన్నులు. నుదుటి వెంట్రుకలు కాదు. మామూలుగా బ్యాండు బిగించి ముడి నిలుపుతాం కాబట్టే ఆ భారమంతా అంచు మీద పడుతుంది.

నుదుటి దగ్గర లేచే పొట్టి వెంట్రుకల కోసమే పిల్లలు ఎక్కువగా గీసి దువ్వుతారు. వాటిని లాగకూడదు. వేలికి కొంచెం జెల్ రాసుకుని పైపైన అద్దితే చాలు, అవి పడుకుంటాయి. ముడి అయ్యాక చూపుడు వేలు నుదుటి అంచు కింద జుట్టులోకి పోనిచ్చి, చెవి నుంచి చెవి దాకా కొద్దిగా ముందుకి సడలించాలి. తర్వాత అద్దంలో చూస్తూ కనుబొమలు పైకెత్తాలి. కణతల చర్మం స్వేచ్ఛగా కదలాలి. వెంట్రుక మొదట్లో చర్మం చిన్న గుడారంలా పైకి లేచి కనిపించినా, ఎక్కడైనా చురుక్కుమన్నా విప్పి మళ్లీ వేయాలి. నొప్పి లేదు కాబట్టి బిగుతు లేదనుకోవద్దు. ఏళ్ల తరబడి అలవాటైన తలకి నొప్పి తెలియదు.

నెట్ వల్ల నష్టం లేదు. నెట్ నిలవడానికి రోజూ ఒకే చోట, చెవుల పైన, పెట్టే క్లిప్పులతో ఉంటుంది సమస్య. ఒకరోజు చెవి వెనక, ఇంకోరోజు కింద, ఇలా చోటు మార్చమనండి. పాపిట కూడా అంతే. జుట్టు నడుము దాటి ఉంటే చుట్ట బరువే ఎక్కువవుతుంది, నాలుగైదు అంగుళాలు కత్తిరిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. మన ఇళ్లలో అమ్మమ్మలు దీనికి ఒప్పుకోరు, ఒప్పించండి.

హాస్టల్ పిల్లలు డ్యూటీ నుంచి వచ్చి అదే బన్‌తో పడుకుంటారు, పొద్దున టైమ్ కలిసొస్తుందని. ఇది ఆపించాలి. గదికి రాగానే విప్పేయాలి, రాత్రి వదులు జడ. డ్యూటీ లేని రోజు క్లచ్చర్ కూడా వద్దు. పెళ్లిళ్లకి సవరం పెట్టి పూలజడ వేయడం, ఈ జుట్టు కోలుకునే ఏడాదీ మానుకోండి. ఉన్న పలచటి జుట్టుకే ఆ బరువంతా వేలాడుతుంది.

కాలేజీ సంగతి. నేను చూసినంతలో నియమాల్లో రాసి ఉండేది జుట్టు కాలర్‌ని తాకకూడదు, ముఖం మీద పడకూడదు అని. బిగుతు అన్నది సీనియర్ల, వార్డెన్ల అలవాటుగా వచ్చింది. మెడ మీద వేసిన వదులు బన్, దాని మీద నెట్ ఆ నియమానికి సరిపోతుంది. అయినా అడ్డు చెబితే చర్మవ్యాధుల డాక్టరు దగ్గర ఒక ఉత్తరం రాయించుకోండి. అలా అడిగినవాళ్లకి నేను రాసిస్తుంటాను, ప్రిన్సిపాల్ మేడమ్‌లు కాదన్నట్టు నాకు గుర్తులేదు. వాళ్లూ నర్సులే, చూపిస్తే అర్థం చేసుకుంటారు.

మందుల గురించి. బయోటిన్ ఆపేయండి. తినే తిండిలో దానికి లోటు రావడం చాలా అరుదు, ఈ సమస్యకి దానితో సంబంధం లేదు. పైగా ఎక్కువ మోతాదులో వేసుకుంటే థైరాయిడ్ లాంటి కొన్ని రక్తపరీక్షల ఫలితాలు తప్పుగా చూపించవచ్చు. నూనె అలవాటుంటే రాసుకోవచ్చు, హాని లేదు, కానీ నూనె రాసి గట్టిగా వెనక్కి దువ్వి కట్టడం వద్దు. ఐరన్ పరీక్ష తలంతా ఊడుతుంటే చేయిస్తాం, అంచున మాత్రమే పోతుంటే దాని వల్ల తేలేది తక్కువ.

మినాక్సిడిల్ అందరికీ అవసరం లేదు. లాగుడు ఆపి మూడు నెలలు చూస్తే చాలామంది పిల్లలకి దానంతట అదే నూగు మొదలవుతుంది. అప్పటికీ రాకపోతే, లేదా మొదటే బాగా పలచబడి ఉంటే వాడతాం. డాక్టరు చూశాకే మొదలుపెట్టండి. ఆడవాళ్లకి 2 శాతం ద్రావణం రోజుకి రెండుసార్లు గానీ, 5 శాతం నురగ రోజుకి ఒకసారి గానీ ఇస్తాం. పొడిగా ఉన్న తలకి, పలచబడ్డ పట్టీ మీదే రాయాలి. నుదుటి మీదకి కారితే అక్కడ కూడా సన్న వెంట్రుకలు వస్తాయి, అందుకే కొద్దికొద్దిగా వేలితో అద్ది, చేతులు కడుక్కోవాలి. రాత్రి రాస్తే పడుకోవడానికి రెండు గంటల ముందే రాయాలి, లేకపోతే దిండుకి అంటి ముఖానికి వస్తుంది. గర్భవతులూ, పాలిచ్చే తల్లులూ వాడకూడదు. వాపు ఎక్కువగా ఉన్నవాళ్లకి ఆ అంచున స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేస్తాం, అది డాక్టరు చేతి పని.

వెంట్రుక నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మూడు నెలలకి నూగు, ఆరు నుంచి తొమ్మిది నెలలకి చూసేవాళ్లకి తెలిసేంత జుట్టు. కాబట్టి రోజూ అద్దంలో వెతుక్కుంటే టెన్షనే మిగులుతుంది. నెలకి ఒక ఫొటో, అదే కిటికీ దగ్గర, అదే పక్క నుంచి తీసి ఫోన్‌లో ఉంచండి.

ఆరు నెలలు నిజంగా వదులుగా కట్టినా ఏమీ రాని జాగాలు ఉంటే అక్కడ మచ్చ కట్టిందేమో చూడాలి. అలాంటి చోట మందులు పనిచేయవు. లాగుడు పూర్తిగా ఆగిపోయి, కొత్తగా ఊడటం లేదని ఒక ఏడాది పాటు నిర్ధారించుకున్నాక జుట్టు మార్పిడి గురించి ఆలోచించవచ్చు. ముడి అలవాటు మారకుండా చేయిస్తే నాటిన జుట్టు కూడా అదే దారిన పోతుంది. ఒక పెద్దావిడ, యాభై దాటినావిడ, పెళ్లైనప్పటి నుంచి సవరం పెట్టి కొప్పు వేసుకునేవారు. ఆమెకి నుదుటి అంచు రెండు వేళ్ల వెడల్పున నున్నగా అయిపోయింది. కనుబొమలు చూశాం, బాగానే ఉన్నాయి. పాత అంచున పొట్టి వెంట్రుకలు కూడా ఉన్నాయి కాబట్టి లాగుడు వల్లేనని తేలింది. ఆమెకి చెప్పగలిగింది ఒకటే, మిగిలిన జుట్టు కాపాడుకోవడం. సవరం మానేశారు, అంచు అక్కడితో ఆగింది. ఇప్పుడు మీ అమ్మాయి ఉన్న దశలో ఆవిడ ఉన్నప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఆదివారం చూసినప్పుడు చీము పొక్కులు, నొప్పి, నున్నటి జాగాలు, కనుబొమలు పలచబడటం, గుండ్రటి మచ్చలు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మూడు నెలలు ఆగకుండా ఆ వారంలోనే చూపించండి. కేజీహెచ్‌లో చర్మవ్యాధుల ఓపీ ఉంది, దగ్గర్లో ఎవరైనా చర్మవ్యాధుల డాక్టరు ఉన్నా సరే. వెళ్లే రోజు నూనె, జెల్ రాయకుండా, వదులు జడతో వెళ్లమనండి. రోజూ ఎలా వేసుకుంటుందో ఆ బన్‌తో ఉన్న ఫొటో ఒకటి ఫోన్‌లో తీసుకెళ్లమనండి. మేము ముందు అడిగేది అదే.